కలలో కనిపించిన మనిషిని మేలుకొని పలకరించడం



పోయిన కూడికలో భోజనాల దగ్గర కలల మాట వచ్చింది. "మీరు ఆదివారం పూట కెలవరపల్లి డ్యాము కాడ కూచోని దయ్యాలతో మాట్లాడతారంట కదా" అని ఒకరు నవ్వుతా అడిగినారు. చేతిలో ముద్ద పట్టుకొని జవాబు చెప్పేటంత చిన్న సంగతి కాదిది. అందుకే రాస్తున్నాం. పొడుగైంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

దయ్యాలతో కాదు. మేము ఐదారుగురం రెండేళ్ళుగా నేర్చుకుంటున్న పద్ధతి పేరు యాక్టివ్ ఇమాజినేషన్. స్విట్జర్లాండు మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ దీన్ని మొదలుపెట్టినాడు. నిద్రలో వచ్చిన కల ఎక్కడ తెగిపోయిందో అక్కడికి మేలుకొని ఉండగానే మళ్ళీ పోయి, అందులో కనిపించిన మనిషిని పలకరించి, ఆ మనిషి ఏం చెప్తే అది విని, మనకు చెప్పాలనిపించింది మనమూ చెప్పి, ఆ మాటలన్నీ కాగితం మీద పెట్టడం. చేసేది ఇంతే. కష్టం మాత్రం ఇంతే కాదు, దానికి తరవాత వస్తాం.

మన తెలుగువాళ్ళకు ఇది పూర్తిగా కొత్తేమీ కాదు. పోతన భాగవతం మొదట్లో తన సంగతి చెప్పుకుంటాడు. చంద్రగ్రహణం రోజు గంగకు పోయి స్నానం చేసి, ఇసుక తిన్నె మీద కూచోని, కళ్ళు అరమోడ్చి మహేశ్వరుణ్ణి ధ్యానం చేస్తా ఉంటే ఎదురుగా రాముడు కనిపించినాడంట. భాగవతం తెలుగు చెయ్యి, నా పేరు మీద చెయ్యి అని చెప్పి మాయమైనాడంట. ఇందులో మాకు బాగా పట్టిన సంగతులు రెండు ఉన్నాయి. ఒకటి, ఆయన నిద్రపోలేదు, అట్లని కళ్ళు పూర్తిగా తెరుచుకొనీ లేడు. రెండోది, ఆయన తలుచుకున్నది శివుణ్ణి, వచ్చినది రాముడు. పిలిచినవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు రావడం ఈ పద్ధతిలో మామూలే. పోతనను మనం యూంగ్ శిష్యుణ్ణి చెయ్యనక్కరలేదు, ఆయనది భక్తి, దాని దారి వేరు. కానీ ఆ నడిమి మెలకువ ఎట్లాంటిదో తెలుసుకోవాలంటే అంతకంటే మంచి వర్ణన మాకు దొరకలేదు. కృష్ణదేవరాయలకు శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కనిపించి ఆముక్తమాల్యద రాయమన్న సంగతి అందరికీ తెలుసు. అది మాత్రం తెల్లవారుజామున నిద్రలో వచ్చిన కల. రెంటికీ తేడా అక్కడే ఉంది.

ఇద్దరికీ దేవుడు పని చెప్పినాడు, ఇద్దరూ తలవంచినారు. యూంగ్ పద్ధతిలో తలవంచడం ఒక్కటే చాలదు. ఎదురు అడగాల. ఒప్పుకోకపోతే ఒప్పుకోనని చెప్పాల.

యూంగ్ దీన్ని ముందు తన మీదే చేసుకున్నాడు. 1913 చివర, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, గురువులాంటి ఫ్రాయిడ్‌తో తెగిపోయి, మనసు ఏమాత్రం నిలవని రోజుల్లో మొదలుపెట్టినాడు. ఆయనకు కలలో ఒక ముసలాయన వచ్చినాడు. ఎద్దు కొమ్ములు, లకుముకి పిట్ట రెక్కలు, చేతిలో నాలుగు తాళంచెవులు. ఆయనకు ఫిలేమోన్ అని పేరు పెట్టుకొని బొమ్మ గీస్తా ఉన్న రోజుల్లోనే తోటలో, చెరువు గట్టున, చచ్చిపడిన లకుముకి పిట్ట దొరికిందంట. జ్యూరిక్ పక్క ఆ పిట్ట అరుదు. మన డ్యాము కాడ కరెంటు తీగ మీద ఎప్పుడు చూసినా ఒకటి కూచోనుంటుంది కాబట్టి మనకు ఆ ఆశ్చర్యం అంత తెలియదు. తరవాత తోటలో అటూ ఇటూ నడుస్తా ఫిలేమోన్‌తో మాట్లాడేవాడు. ఫిలేమోన్ చెప్పిన ముఖ్యమైన మాట ఇది: తలలోకి వచ్చే ఆలోచనలన్నీ నువ్వు తయారుచేసినవి అనుకోవద్దు, అడవిలో జంతువులు ఎట్లా ఉన్నాయో, గదిలో మనుషులు ఎట్లా ఉన్నారో, అవీ అట్లనే ఉన్నాయి.

చాలా ఏండ్ల తరవాత గాంధీగారి స్నేహితుడైన ఒక భారతీయ పెద్దాయన యూంగ్ ఇంటికి వచ్చినప్పుడు, మీ గురువు ఎవరని యూంగ్ అడిగితే శంకరాచార్యులు అని చెప్పినాడంట. ఆయన పోయి వందల ఏండ్లు అయింది కదా అంటే, అవును, ఆయనే అన్నాడంట. ఎక్కువమందికి బతికున్న గురువులు ఉంటారు, కొందరికి ఇట్లాంటి గురువులూ ఉంటారు అని ఆ పెద్దాయన మామూలుగా చెప్పేసరికి యూంగ్‌కు గుండె నిమ్మళించింది. తనకు పట్టింది పిచ్చి కాదని ఆయనకు ధైర్యం చెప్పినది మనవైపు మనిషి.

ఆ రోజుల్లో రాసుకున్న నోటు పుస్తకాల నుంచి తయారైన ఎర్ర అట్ట పుస్తకం, రెడ్ బుక్, 2009లో గానీ అచ్చుకు రాలేదు. పద్ధతి గురించి 1916లో ఆయన రాసిన వ్యాసం కూడా 1957 దాకా బయటికి రాలేదు. అంత జాగ్రత్తగా దాచుకున్నాడు. పద్ధతిని చిన్నగా, చేతికి అందేటట్టు చెప్పినది 1947లో ఒకాయనకు రాసిన జాబులో. ఏదో ఒక బొమ్మతో మొదలుపెట్టు, కలలోదైతే మేలు. దాన్ని చూస్తా ఉండు. నువ్వుగా ఏమీ మార్చొద్దు, అదిగా ఎట్లా మారుతుందో గమనించు. ఓపిక లేక ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదకు దూకవద్దు. కడాన నువ్వే ఆ బొమ్మలోకి అడుగుపెట్టు. అందులో మాట్లాడే మనిషి ఉంటే నీ మాట చెప్పు, ఆ మనిషి మాట విను. ఆ జాబు సారం ఇది.

ఇక మా దగ్గర జరిగినది. మాలో ఒక అన్న ఉన్నాడు. ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు చేసి బయటికి వచ్చినాడు. పేరు, ఊరు చెప్పం, రాయమని ఆయనే చెప్పినాడు గనక ఆయన చూసి సరేనన్నంత వరకే రాస్తున్నాం. ఆయనకూ తమ్మునికీ నడుమ ఎకరన్నర చేను తగాదా. ఆరేండ్లుగా మాటల్లేవు. కోర్టులో నడుస్తా ఉంది. ఆ సమయంలో ఆయనకు ఒకే కల మూడుసార్లు వచ్చింది. డ్యాము గట్టు మీద నిలబడినాడు. నీళ్ళ మీద నురగ. బెంగళూరు మురుగు, సబ్బు నీళ్ళు కలిసి వానాకాలంలో మన పెన్నేటి మీద తెల్లగా కొండలా పొంగుతుందే, అదే నురగ. ఆ నురగ నడుమ ఒక ముసలామె తడవకుండా కూచోని చేటలో అనపగింజలు పితుకుతా ఉంది. పప్పు చేటలో, పొట్టు నీళ్ళలో. ఆమె తలెత్తి ఆయన పక్క చూస్తుంది. ఆ చూపుతో ఎద బిగుసుకొని మెలకువ వచ్చేస్తుంది.

ఇంట్లో ఒకరు, పోయిన అవ్వ ఏమో అడుగుతా ఉంది, తర్పణం వదలమన్నారు. ఇంకొకరు గాలి సోకిందన్నారు. వాళ్ళను మేము తప్పు పట్టం. తర్పణం ఆయన వదిలినాడు కూడా. కల పోలేదు.

మేము ఆయనకు చెప్పిన మొదటి మాట, ఆమె మీ అవ్వ అని ముందే తీర్మానం చెయ్యొద్దు అని. అవ్వ అనేస్తే అవ్వ ఏం చెప్తుందో మనకు ముందే తెలుసు, అవ్వ చెప్పే మాటలు మన నోటనే పలికిస్తాం. ఎవరో తెలియని ముసలామె అంటే, ఆమె నోరు తెరిచిందాకా కాచుకోవాల్సిందే. కాచుకోవడంలోనే ఈ పద్ధతి ఉంది.

రాత్రి భోజనం కాకముందు, ఏడు గంటలకు కూచున్నాడు. తలుపు మూసి, ఫోను బయట పెట్టి, అరగంటకు పిలువు అని వదినకు చెప్పి. చేతిలో నోటు పుస్తకం. మొదటి రోజు నురగ తప్ప ఏమీ రాలేదు. కరెంటు బిల్లు, అల్లుని ఉద్యోగం, మోకాలు నొప్పి, ఇవి వచ్చినాయి. అట్లా వచ్చినప్పుడు వాటితో కొట్లాడకుండా బొమ్మ దగ్గరికి తిరిగి పోవాల. చిన్న చిన్నవి చూడాల. చీర రంగేమి, చేటకు పేడ అలికి ఉందా, చేతికి గాజులున్నాయా. ఆ రోజు ఆయన పుస్తకంలో ఉన్నది ఒకటే వాక్యం: ఎడమచేతి బొటనవేలి గోరు నల్లగా ఉంది. ఇంత చిన్నదా అని ఆయన విసుక్కున్నాడు. మాకు మాత్రం ఆ గోరు చూసినాకనే నమ్మకం కుదిరింది. కావాలని కట్టుకునే కథలో ఎవరూ గోరును పెట్టరు.

రెండో రోజు గట్టు దిగి నీళ్ళ అంచుకు పోయి పలకరించినాడు. ఆయన రాసుకున్నది ఇది.

నేను: అమ్మా, ఎవరు నువ్వు?

(జవాబు లేదు. పితుకుతానే ఉంది.)

నేను: ఎందుకు నా కలలోకి వస్తా ఉండావు?

ఆమె: లెక్క పెడతా ఉండాను. నడుమ పలకరిస్తే లెక్క తప్పుతాది.

అంతే. ఆయనకు కోపం వచ్చింది. ఇంత తీరిక చేసుకొని కూచుంటే కసురుకుంటుందేమి అని ఆదివారం మాతో కోపంగానే చెప్పినాడు. ఆ కోపం మాకు సంతోషం. మన ఊహ మనల్ని మెచ్చుకుంటుంది, మనకు నచ్చేది చెప్తుంది, ఇంపైన మాటలు వాడుతుంది. నిజంగా లోపలి నుంచి వచ్చే మనిషి అట్లా ఉండదు. మనకు తట్టని మాట చెప్తుంది, మన సమయానికి రాదు, కొన్నిసార్లు మోటుగా ఉంటుంది. విన్నప్పుడు కడుపులోనో ఎదలోనో ఒక కదలిక తెలుస్తుంది. పుస్తకంలో రెండు పేజీలు గడగడా ఉపన్యాసం వచ్చిందంటే, అది మనమే రాసుకున్నదని అనుమానించాల.

ఇక్కడ ఒక పక్క మాట. ఆయన చదువంతా తమిళంలోనే సాగింది. ఇంట్లో తెలుగే, కానీ తెలుగు అక్షరాలు రావు. మొదట తమిళంలోనే రాయబోయినాడు, ముసలామె నోరు మెదపలేదు. ఆమె మాట్లాడినది మన హోసూరు ఇంటి తెలుగు. కాబట్టి తెలుగు మాటలను తమిళ అక్షరాలలో రాసుకున్నాడు. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం గనక గింజలు కాస్తా కింజలు అని చదవబోయి మేమంతా నవ్వినాం. నవ్వినా నియమం మాత్రం అదే: ఆ మనిషి ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే రాయాల, అనువాదం చెయ్యకూడదు. మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఇట్లానే ఉన్నారు. వాళ్ళకు ఈ దారి చూపించినా తప్పులేదు, అక్షరం ఏదైనా మాట మనది.

మూడో రోజు అసలు సంగతి వచ్చింది.

నేను: ఇంత నురగ ఏడనుంచి వచ్చింది?

ఆమె: ఏటిది అనుకుంటివా? మీ ఇద్దరి నోళ్ళది. ఆరేండ్లుగా కక్కుతా ఉండారు.

నేను: గింజలు ఎవరికి?

ఆమె: రెండిండ్లకు. నువ్వు ఒక చెయ్యే చాపుతా ఉండావు.

నేను: నేనేం చెయ్యాల?

ఆమె: చేను వానికి వదిలెయ్యి.

ఇది చదివేటప్పుడు ఆయన గొంతు వణికింది. ఇక్కడే చాలామంది రెండు విధాలుగా తప్పిపోతారు. ఒకటి, లోపలి నుంచి వచ్చిన మాట గనక దేవుని మాట అనుకొని పోయి సంతకం పెట్టేయడం. రెండోది, ఇదంతా పిచ్చి అని పుస్తకం మూసేయడం. రెండూ కాని మూడోది ఉంది. యూంగ్ దగ్గర పనిచేసిన మారీ లూయీ ఫాన్ ఫ్రాంజ్ కానీ, 1986లో ఇన్నర్ వర్క్ అనే చిన్న పుస్తకం రాసిన అమెరికన్ రాబర్ట్ జాన్సన్ కానీ, ఈ చోటనే గట్టిగా నిలబడమంటారు. ఆ మనిషికి మన బతుకులో ఉండే బాధ్యతలు తెలియవు. పిల్లల ఫీజు తెలియదు, కోర్టు తారీఖు తెలియదు, చట్టం తెలియదు. అవి తెలిసినది మనకు. కాబట్టి మన నీతి, మన బాధ్యత మనమే ఆ గట్టు మీదకు మోసుకుపోవాల. ఆమెను గౌరవించాల, ఆమె చెప్పినదంతా చెయ్యనక్కరలేదు.

ఆయన వారం ఆగి మళ్ళీ కూచున్నాడు.

నేను: అమ్మా, చేను వదలలేను. నా కూతురుకు కూడా అందులో భాగం ఉంది. అది నాది కాదు వదలడానికి.

ఆమె: (చాలాసేపు పితికింది) అయితే గింజలు తీసుకపో.

నేను: ఎవరికి?

ఆమె: ఇంకా అడుగుతావా?

జాన్సన్ చెప్పే కడపటి మెట్టు, లోపల జరిగినదానికి బయట ఒక చిన్న పని చెయ్యడం. చిన్నది, ఒంటితో చేసేది, ఎవరికీ కీడు చెయ్యనిది. పెద్ద పెద్ద ప్రకటనలు కాదు, లోపలి సంగతంతా ఎదుటివాళ్ళకు వివరించడమూ కాదు. ఆ పుష్యమాసం అనపకాయల కాలంలో అన్న తన చేతితో పితికిన పప్పు రెండు సేర్లు గుడ్డసంచిలో కట్టుకొని తమ్ముని ఇంటికి పోయినాడు. చేను మాట ఎత్తకూడదని ముందే తీర్మానించుకున్నాడు. కల సంగతీ చెప్పకూడదని. మరదలు సంచి తీసుకొని లోపలికి పోయింది. తమ్ముడు బయటికి రాలేదు. అన్న అరుగు మీద కాసేపు కూచోని వచ్చేసినాడు.

ఆ తరవాత ఏమైందని అందరూ అడుగుతారు. కేసు ఇంకా నడుస్తానే ఉంది. పదిహేను రోజులకు తమ్ముని కొడుకు ఉతికిన గుడ్డసంచి తెచ్చి ఇచ్చినాడు, అడుగున నాలుగు నిమ్మకాయలు. రెండోసారి పోయినప్పుడు తమ్ముడు కాఫీ తాగి పొమ్మన్నాడు. అంతవరకే. అన్న ఎద బిగుసుకోవడం మాత్రం తగ్గింది, ఆ కల మళ్ళీ రాలేదు. రాజీ అయిపోయిందని చెప్పి మిమ్మల్ని మెప్పించాలని మాకు లేదు. ఈ పద్ధతి ఎదుటివాణ్ణి మార్చదు. ముసలామె చెప్పినది తమ్ముని గురించి కాదు, అన్న చాపని రెండో చెయ్యి గురించి.

దీనికి ముడిపడిన హెచ్చరిక ఒకటి ఉంది. మధ్యలో ఒకసారి అన్న, ముసలామె బదులు తమ్ముణ్ణే ఊహలోకి పిలిచి కడిగేస్తానన్నాడు. వద్దన్నాం. బతికున్న మనిషి బొమ్మతో ఇది చెయ్యకూడదని జాన్సన్ గట్టిగా చెప్పినాడు. ఊహలో ఆ మనిషిని రోజూ ఓడిస్తే, బయట చూసినప్పుడు మన కళ్ళకు మనం కట్టుకున్న తమ్ముడే కనిపిస్తాడు, నిజం తమ్ముడు కనిపించడు. కోపమే కాదు, ఇష్టపడినవాళ్ళ విషయంలోనూ ఇంతే. అట్లాంటివాళ్ళ ముఖం వచ్చి నిలబడితే, నీకు వేరే ముఖం ఉంటే దానితో రా అని అడగాల. చాలాసార్లు మారుతుంది.

ఇంకో తేడా కూడా చెప్పాల. మన ఊర్లలో దేవుడు పూనడం ఉంది. పూనినప్పుడు ఆ మనిషి ఉండదు, దేవుడే మాట్లాడుతుంది, తరవాత ఆ మనిషికి ఏమీ గుర్తుండదు. ఈ పద్ధతిలో ఇద్దరూ ఉండాల. గట్టు మీద నువ్వు, నురగలో ఆమె. నువ్వు మాయమైతే పద్ధతి తప్పినట్టే. అట్లనే, రేపు ఏం జరుగుతుంది, బంగారం ఏడ పోయింది, కొడుకుకు ఉద్యోగం వస్తుందా అని ఆమెను అడగకూడదు. ఆమెకు తెలియదు. అడిగితే ఏదో ఒకటి చెప్తుంది, అది మన ఆశే.

పట్టుకోలేని లోతుకు పోకుండా యూంగ్ ఏం చేసేవాడో వింటే మీకు నవ్వు వస్తుంది. నాకు వైద్యం పట్టా ఉంది, రోగులు కాచుకొని ఉన్నారు, భార్య, ఐదుగురు పిల్లలు ఉన్నారు, క్యుస్నాక్ట్‌లో సీస్ట్రాసే 228 నా ఇంటి నంబరు అని తనకు తానే చెప్పుకునేవాడంట. ఇంటి నంబరు గుర్తుండటం ఆయనకు తాడు. మేమూ అట్లనే చేస్తాం. పుస్తకం మూసినాక చన్నీళ్ళతో ముఖం కడుక్కొని, ఇంట్లో ఎవరితోనైనా ఉప్పు పప్పు మాట ఒకటి మాట్లాడి, ముద్ద తింటాం. భోజనానికి ముందే కూచోమనేది అందుకే.

కొందరు ఇది అసలు చెయ్యకూడదు. కూచోకపోయినా గొంతులు వినిపించేవాళ్ళు, ఎవరో తరుముతున్నారని అనిపించేవాళ్ళు, రాత్రులు నిద్ర పట్టనివాళ్ళు, తాగుడులో ఉన్నవాళ్ళు, ఇంట్లో చావు జరిగి నెలలు గడవనివాళ్ళు. పిల్లలతో అసలే వద్దు, వాళ్ళకు ఊహకూ ఊరికీ నడుమ గోడ ఇంకా పచ్చిమట్టే. మొదలుపెట్టినవాళ్ళు కూడా మూడు గుర్తులు చూసుకోవాల. పుస్తకం మూసినా ఆ మనిషి పోకపోవడం. మాట లోపలి నుంచి కాక బయట చెవికి వినిపించడం. తనకో ఇతరులకో హాని చెయ్యమని చెప్పడం. వీటిలో ఒక్కటి కనిపించినా అక్కడికి ఆపేసి డాక్టరును చూడాల. బెంగళూరు నిమ్హాన్స్ మనకు దగ్గరే. రాత్రిపూటైనా 14416కు ఫోను చెయ్యొచ్చు, అది ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్. ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదు, గట్టు కూలితే ఇంజనీరును పిలిచినట్టే.

మాలో ఒకామెకు మూడో వారంలో ఆ మొదటి గుర్తే కనిపించింది, వంట చేసేటప్పుడు కూడా కలలోని చిన్నపిల్ల పక్కన నిలబడినట్టు ఉండేది. ఆపేయమన్నాం, ఆపింది, డాక్టరును చూసింది. ఇప్పుడు ఆదివారాలు వస్తుంది, వింటుంది, కూచోదు. ఎవరూ ఆమెను బలవంతం చెయ్యరు.

కడాన ఇద్దరు ముగ్గురు అడిగినదానికి జవాబు. రాయడం రాకపోతే ఏమి? రాయనక్కరలేదు. యూంగ్ దగ్గరికి వచ్చినవాళ్ళలో బొమ్మ గీసినవాళ్ళు, మట్టి పిసికినవాళ్ళు, ఆడినవాళ్ళు ఉన్నారు. యూంగ్ కూడా రాళ్ళతో చిన్న ఊరు కట్టుకుంటూ కూచునేవాడు. మా గుంపులో పెద్దావిడ ఒకామె తెల్లవారి ముగ్గు వేసేటప్పుడు కలలోని మనిషిని తలుచుకొని, చెయ్యి ఎటు పోతే అటు పోనిస్తుంది, పూర్తయినాక దాని ముందు కూచోని రెండు మాటలు అడుగుతుంది. ఇంటివాళ్ళకు అది ముగ్గే. పుస్తకం రాసేవాళ్ళు మాత్రం దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. ఆదివారం మా దగ్గర చదవాలని నియమం ఏమీ లేదు, ఏడాదిగా వస్తా ఒక్క వాక్యమూ చదవనివాళ్ళు మాలో ఉన్నారు.

పొద్దున ఆరున్నరకు డ్యాము తోట దగ్గర ఉంటాం. గాలి ఇటు తిరిగిన రోజుల్లో నురగ వాసన ఉంటుంది, గుడ్డ ఒకటి తెచ్చుకోండి.